ఇదిగో

మా పెళ్లి 1994 జూన్ నెలాఖరులో రాపూరులో జరిగింది. పెళ్లయిన నాలుగో రోజున గూడూరులో రైలెక్కి మా ఆవిడ నాతో మద్రాసు వచ్చేసింది. అప్పటికింకా ఈ ఊరు మద్రాసే, చెన్నై కావడానికి ఇంకో రెండేళ్లుంది. 2019లో పాతికేళ్లు నిండాయి. పిల్లలు పట్టుబట్టి ఇంట్లోనే చిన్న భోజనాలు పెట్టారు. పాత ఫొటోలన్నీ పోగేసి అమ్మాయి ఒక ఆల్బం చేయించింది. మొదటి పేజీ ఖాళీగా వదిలి, "నాన్నా, ఇక్కడ అమ్మకి నువ్వు నాలుగు మాటలు రాయాలి. నీ చేతిరాతతోనే" అంది.

రాయడం నాకు కొత్త కాదు. ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు ఉత్తరాల సెక్షన్‌లోనే పనిచేశాను. డబ్బు కట్టనివాడికి మర్యాద తప్పకుండా ఎలా రాయాలో, సరుకు ఆలస్యమైనప్పుడు తప్పు మనదని ఒప్పుకోకుండానే ఎలా విచారం తెలపాలో నాకు బాగా తెలుసు. అవన్నీ ఇంగ్లీషులో. తెలుగులో రాయాల్సి వస్తే నాకు తెలిసినవల్లా శుభలేఖలూ, సన్మాన పత్రాలూ. అరగంటలో రాసి అమ్మాయి చేతిలో పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"నా ప్రియమైన శ్రీమతికి, మన వివాహ రజతోత్సవ శుభ సందర్భంగా నీకు నా హృదయపూర్వక శుభాకాంక్షలు తెలియజేస్తున్నాను. గత పాతిక సంవత్సరాలుగా నా జీవిత ప్రయాణంలో కష్టసుఖాలలో తోడునీడగా నిలిచి, గృహ బాధ్యతలను ఎంతో ఓర్పుతో నిర్వర్తించి, పిల్లలను ప్రయోజకులుగా తీర్చిదిద్దిన నీ త్యాగం వెలకట్టలేనిది. ఇందుకు నేను సదా కృతజ్ఞుడను. ఇకముందు కూడా ఇదే సహకారాన్ని అందించగలవని ఆశిస్తున్నాను. ఇట్లు, నీ భర్త."

అమ్మాయి చదువుతూ "ఇదే సహకారాన్ని" దగ్గర ఆగింది. ఆగి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "సంతకం కింద రబ్బరు స్టాంపు వెయ్యలేదేం నాన్నా?" అంది. నాకు కొంచెం కోపం వచ్చింది. ఒక్క తప్పు లేదు, ఒక్క కొట్టివేత లేదు. అందులో ఏం తక్కువైందని అడిగాను.

"ఏమీ తక్కువ కాలేదు. కింది వాటా అంకుల్ ఇదే కాగితం ఆంటీకి ఇచ్చినా సరిపోతుంది. అదే బాధ" అంది.

ఆ మాట రాత్రంతా పట్టుకుంది. మర్నాడు పొద్దున పెన్సిల్ తీసుకుని, కింది వాటా ఆయన రాయగలిగిన వాక్యం ఏదైతే అది కొట్టేసుకుంటూ పోయాను. ప్రియమైన శ్రీమతి, ఆయనకీ ఉంది. శుభాకాంక్షలు ఎవరైనా చెప్పొచ్చు. ఓర్పు, బాధ్యతలు, పిల్లలు ప్రయోజకులు కావడం, వాళ్లింట్లోనూ అన్నీ ఉన్నాయి, పైగా వాళ్లబ్బాయి సీఏ. చివరికి కొట్టేయకుండా మిగిలింది "పాతిక సంవత్సరాలుగా" అన్నదొక్కటే. వాళ్లకి ముప్ఫై రెండేళ్లు.

పంతానికి రెండోసారి రాశాను. ఈసారి ఆఫీసు వాసన ఉండకూడదనుకుని సినిమాల వైపు వెళ్లిపోయాను. వెన్నెల, ఏరు, ఏడేడు జన్మలు, అన్నీ దించాను. అది ఇక్కడ ఎత్తి రాయను. అమ్మాయి చదివి ఈసారి నవ్వలేదు. "అమ్మ దీన్ని చూసి, ఎవరి దగ్గర కాపీ కొట్టారండీ అంటుంది" అంది. నిజమే, అలాగే అంటుంది. మొదటి కాగితంలో నేను లేను, రెండోదాంట్లో ఆవిడ లేదు.

మూడోసారికి అమ్మాయే పక్కన కూర్చుంది. మొదటి కాగితాన్నే మళ్లీ ముందు పెట్టి, "కష్టసుఖాలు అన్నావు కదా. ఏ కష్టం? ఒకటి చెప్పు" అంది.

నోట మాట రాలేదు. కష్టాలు లేక కాదు. మాట దగ్గరే ఆగిపోయి ఇన్నేళ్లూ దాని లోపలికి చూడలేదు కాబట్టి. కాసేపటికి, కిటికీ బయట నీళ్ల లారీ హారన్ వినబడుతుంటే, 2004 ఎండాకాలం గుర్తొచ్చింది.

చెన్నైలో అప్పుడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. లేనివాళ్ల కోసం చెబుతాను. ఈ ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు వానల మీద ఆధారపడ్డవి. వానలు మొహం చాటేసేసరికి ఆ ఎండాకాలానికి అడుగులు బయటపడ్డాయి. ఇంట్లో మెట్రో వాటర్ పైపుకి బిగించిన చేతి పంపు కొడితే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. వీధిలోకి లారీ వస్తే నీళ్లు, లేకపోతే లేదు. మేం అప్పుడు వెస్ట్ మాంబళంలో ఒక ఇంటి మేడ మీద వాటాలో ఉండేవాళ్లం. లారీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పగలు వస్తుందన్నది రాత్రి రెండున్నరకో మూడింటికో వచ్చేది. అందుకని పొద్దుగూకేసరికే వీధి చివర బిందెలు వరస కట్టేవి. మనుషులు కాదు, బిందెలే క్యూ. అన్నీ ఒకే రకం ప్లాస్టిక్ బిందెలు, ఆకుపచ్చవి, ఎర్రవి, నీలంవి. ఎవరివేవో తెలియాలి కాబట్టి మా ఆవిడ చింపిన చీర అంచు ముక్కల్ని మెడకి ముడి వేసేది. పసుపు రంగు మీద మెరూన్ గళ్లు. ఆ చీర నేను మొదటి దీపావళికి టీ నగర్‌లో కొన్నది.

"నా డ్యూటీ మర్చిపోయావా నాన్నా? ఆరు నుంచి ఎనిమిదింటి దాకా బిందెల దగ్గర నేనే కాపలా" అంది అమ్మాయి. దానికప్పుడు ఎనిమిదేళ్లు. అక్కడే గట్టు మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది.

బిందెకి పదిహేను లీటర్లు పడుతుంది. అంటే పదిహేను కిలోలు. మా వాటాకి పదిహేడు మెట్లు. ఆవిడ ఎనిమిది బిందెలు మోసేది. కింద ఉండగానే నాలుగు దొడ్డి పనులకీ, గిన్నెలకీ, ఒకటి పూర్తిగా తాగడానికీ వంటకీ, మిగిలిన మూడూ అందరి స్నానాలకీ అని పంచేసుకునేది. తాగే బిందెలోది పల్చని గుడ్డ కట్టి వడకట్టి, కాచి, చల్లార్చేది. బట్టలు ఉతికిన నీళ్లు పారబొయ్యకుండా మరుగుదొడ్డికి. బియ్యం కడిగిన నీళ్లు తులసి కుండీకి.

ఇదంతా అమ్మాయితో చెబుతుంటే ఒక సంగతి గమనించాను. ఎనిమిది బిందెలని ఎలా చెప్పగలిగాను? పొద్దున నేను లేచేసరికి అన్నీ సర్దేసి ఉండేవి కదా. లెక్క ఎలా తెలిసింది?

మెట్ల చప్పుడు లెక్కపెట్టడం వల్ల. నేను మెలకువగా ఉండేవాణ్ణి.

ఆ సంగతి అమ్మాయితో అనలేదు. "సరేలే, కాసేపట్లో రాస్తాను" అని లోపలికి పంపించేశాను. కాఫీ చల్లారిపోయింది. "నీ త్యాగం వెలకట్టలేనిది" అన్న వాక్యం వంక చూస్తూ కూర్చున్నాను. ఆఫీసులో తప్పు మనదైనప్పుడు "జరిగిన ఆలస్యానికి చింతిస్తున్నాము" అని రాసేవాళ్లం. ఆలస్యం దానంతటది జరిగినట్టు. త్యాగం అన్నా అంతే. ఆవిడ చేసిందే కనబడుతుంది గానీ, ఆ వేళకి నేను ఎక్కడున్నానో ఎవరూ అడగరు. నేను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను.

తరవాత రాయడం పెద్ద కష్టం కాలేదు. రెండు మూడు చోట్ల మాత్రం ఆగాల్సి వచ్చింది.

మొదటిది పిలుపు దగ్గర. శ్రీమతి అని నేనెప్పుడూ పిలవలేదు. పేరు రాద్దామా అంటే, పేరు పెట్టి పిలిచిందీ లేదు. మా నాన్న మా అమ్మని పేరు పెట్టి పిలవడం నేను వినలేదు, నాకూ నోరు తిరగలేదు. పెళ్లయిన కొత్తలో ఏమని పిలవాలో తెలియక గుమ్మంలోంచి "ఇదిగో" అన్నాను. ఆవిడ "ఏందండీ" అంటూ వంటింట్లోంచి వచ్చింది. అంతే, పాతికేళ్లు అదే నడిచింది. కాబట్టి కాగితం మీద కూడా అదే రాశాను. ఆ ఒక్క మాట పెట్టేసరికి కింది వాక్యాలన్నీ వాటంతటవే దిగొచ్చాయి. "ఇదిగో" అని మొదలుపెట్టినవాడు "నిర్వర్తించితివి" అనలేడు. నీవు నువ్వయింది. నిలిచి, నిర్వర్తించి, తీర్చిదిద్దిన అంటూ రైలుపెట్టెల్లా తగిలించినవన్నీ విడిపోయి, ఒక్కో పని ఒక్కో వాక్యమైంది.

రెండోది, ఏం రాయకూడదన్నది. అమ్మాయి కాలేజీలో చేరేటప్పుడు ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం. "అది రాయి నాన్నా, చదివితే ఏడుస్తారు" అంది అమ్మాయి. రాయలేదు. ఆల్బం చూసేది మా ఇద్దరమే కాదు. ఆవిడ చెల్లెలు, మా వదిన, కింది వాటా ఆంటీ, అందరూ తిరగేస్తారు. ఆ గాజుల సంగతి వాళ్లమ్మకి కూడా చెప్పలేదు ఆవిడ. నేనెవర్ని చెప్పడానికి?

మూడోది సుఖం. కష్టం దొరికింది గానీ సుఖం ఏదని చాలాసేపు వెతుక్కున్నాను. కొడైకెనాల్ వెళ్లాం, తిరుపతి బోలెడుసార్లు వెళ్లాం. అవన్నీ ఫొటోల్లో ఉన్నాయి, మళ్లీ రాయడం దేనికి? చివరికి దొరికింది కూడా నీళ్లలోనే. ఆ ఏడు వానలు పడ్డాక ఒకరోజు చేతి పంపులో నీళ్లొచ్చాయి. ఆవిడ దోసిలి పట్టి తాగి, "మా కండలేరు నీళ్లే ఇయ్యి" అంది. కృష్ణ నీళ్లు ఆంధ్ర నుంచి ఈ ఊరికి వచ్చేది వాళ్ల రాపూరు దగ్గరున్న కండలేరు జలాశయం మీదుగానే. కాలవలో పూండికి చేరి, అక్కణ్ణించి ఊళ్లోకి. ఆ గర్వం ఆవిడకెప్పుడూ ఉంది. నేను ఊరుకోవచ్చు కదా, పేపర్ చదివేవాణ్ణి కనక, "కాదు, వీరాణం చెరువు నీళ్లు. ఆ పైపు ఈ ఏడే వేశారు, కావేరి నీళ్లు" అన్నాను. "రుచి నాకు తెలుసా మీకు తెలుసా?" అంది. పదిహేనేళ్లు ఈ తగువు నడిచింది. చుట్టాలొస్తే వాళ్లకి గ్లాసుతో నీళ్లిచ్చి మరీ తీర్పు అడిగేది.

అన్నీ కలిపి రాసింది ఇది:

"ఇదిగో,

పాతికేళ్లయినా నిన్ను పేరు పెట్టి పిలవడం చేతకాలేదు. అందుకే కాగితం మీద కూడా ఇలాగే పిలుస్తున్నా.

బిందెలకి చీర అంచు ముక్కలు కట్టిన ఎండాకాలం గుర్తుందా? లారీ వచ్చిందనగానే నువ్వు గాజులు మోచేతి దాకా పైకి తోసేసుకునేదానివి, గలగలమంటే నాకు మెలకువ వస్తుందని. చప్పుడు కాకుండా గడియ తీసేదానివి. ఎనిమిది బిందెలు, పదిహేడు మెట్లు. పొద్దున నేను లేచేసరికి నా బకెట్టు నిండి ఉండేది. తానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మాంబళంలో రైలెక్కి పోయేవాణ్ణి.

ఒక మాట నీకు చెప్పలేదు. చాలా రాత్రులు నువ్వు గడియ తీసినప్పుడే నాకు మెలకువ వచ్చేసేది. పడుకునే నీ అడుగులు లెక్కపెట్టేవాణ్ణి. అయిదో బిందె దగ్గర నువ్వు సగం మెట్ల మీద ఆగేదానివి, ఊపిరి తీసుకోవడానికి. అది వినబడేది. పొద్దున్నే ఆఫీసుంది కదా అని నాకు నేను చెప్పుకుని గోడ వైపు తిరిగేవాణ్ణి. నీకు ఆఫీసు లేదని అనుకున్నానేమో. నువ్వు ఒక్కరోజూ లేపలేదు. లేపి ఉంటే లేచేవాణ్ణని ఇప్పుడు చెప్పడం సులువే.

ఆ తరవాత పంపులో వచ్చినవి కండలేరు నీళ్లే. ఒప్పుకుంటున్నా. ఇంక చుట్టాల్ని అడగొద్దు.

ఇకనుంచి బిందెలు నేను మోస్తాను. మోకాళ్లు నాలుగింటికి ఒప్పుకుంటాయి. మిగతా నాలుగూ అబ్బాయి చేత మోయిద్దాం.

ఏమండీ"

చివర "నీ భర్త" అని రాయబోయి ఆగిపోయాను. ఆవిడ నన్ను పిలిచేది అలా కాదు కదా. ఆవిడకి నేను "ఏమండీ"ని. సంతకం కూడా అదే పెట్టాను. ఇంకొకటి. "తానం" అని కావాలనే రాశాను. స్నానం అంటే ఆవిడకి నేను రాసినట్టుండదు.

రాశాక మళ్లీ చదువుకుంటే, ఇది ఆల్బంలో అంటించేది కాదని అర్థమైంది. కింది వాటా వాళ్లు ఇలాంటిది రాసుకోలేరన్నది ఎంత నిజమో, వాళ్లు చదవకూడదన్నదీ అంతే నిజం. ఆల్బం మొదటి పేజీలో ఒక్క మాటే రాశాను: "ఇదిగో, పాతికేళ్లు!" అమ్మాయి కాస్త నిరుత్సాహపడింది. కాగితం మాత్రం నాలుగు మడతలు పెట్టి, పెళ్లిరోజు ముందు రాత్రి పోపుల డబ్బాలో మెంతుల గిన్నె కింద పెట్టాను. చేతికిస్తే అక్కడే నిలబడి ఉండాలి, అది నా వల్ల కాదు.

ఇక్కడ ఆ ఏడాది సంగతి చెప్పాలి. 2019 జూన్‌లో చెరువులు మళ్లీ అడుగంటాయి. హోటళ్లు మధ్యాహ్నం భోజనాలు తగ్గించాయి, ఐటీ ఆఫీసుల వాళ్లు ఇంట్లోంచే పని చేసుకోమన్నారు. తరవాతి నెలలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చి విల్లివాక్కంలో దించారు కూడా. మా అపార్ట్‌మెంట్ సంపు ఎండి పది రోజులైంది. డబ్బు కట్టి బుక్ చేసిన లారీకి మూడు వారాలు ఆగమన్నారు. పెళ్లిరోజు భోజనాలకి నీళ్లు ఎలాగా అన్నదే ఇంట్లో పెద్ద చర్చ. అమ్మాయి విస్తరాకులు తెప్పించింది, కంచాలు కడిగే పని లేకుండా.

పొద్దున ఆవిడ పోపు పెట్టడానికి డబ్బా తెరిచింది. నేను హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. స్టవ్ కట్టేసిన చప్పుడు వినబడింది. కళ్లజోడు కోసం వెతకడం వినబడింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆవిడ చదవడం నెమ్మది. ఆపైన నా చేతిరాత.

తరవాత మడత పెట్టిన కాగితం పట్టుకుని హాల్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం మామూలుగానే ఉంది.

"మీకు మెలకువ వచ్చేదని నాకు తెలుసండీ" అంది.

"ఎట్లా?"

"నిద్దర్లో ఉంటే మీరు గురక పెడతారు గదా. నేను గడియ తియ్యంగానే అది ఆగిపోయేది. మళ్లీ నేనొచ్చి పడుకున్నాకే మొదలయ్యేది."

పేపరు మడిచి పక్కన పెట్టాను. ఏమనాలో తెలియలేదు. పదిహేనేళ్లుగా తెలిసీ ఒక్కసారి కూడా ఎత్తలేదే అని అడగబోయాను. ఆవిడ అప్పటికే కాగితాన్ని చీర కొంగుకి ముడి వేసుకుంటూ లేచింది.

"ఇవాళ రాత్రి పదకొండుకి మెట్రో లారీ వస్తుందంట, వాచ్‌మేన్ చెప్పాడు. పాత బిందెలు అటక మీదున్నాయి. దించి కడిగి పెట్టండి. నాలుగు కాదు, ఎనిమిదీ."